మెమోలో ఏ అంకె అసలు అంకె?

ఒక జిల్లా కార్యాలయం కాంట్రాక్టు ఫార్మసిస్టు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పోస్టులు పన్నెండు, వచ్చిన దరఖాస్తులు ఆరు వందల చిల్లర. ఒక్కో దరఖాస్తు వెనక టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డి.ఫార్మసీ ఏడాదికొక మెమో, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషను, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ ట్యాగుతో కుట్టి ఉన్నాయి. వాటన్నిటినీ స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో వేసి నా చేతికిచ్చారు. సూపరింటెండెంటుగారు ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి చూపించారు: పేరు, బోర్డు, పాసైన ఏడాది, వచ్చిన మార్కులు, మొత్తం మార్కులు, శాతం. "ఇంతే కదండీ, కంప్యూటర్ చదివేస్తుంది. రెండ్రోజుల్లో ఇచ్చేయండి" అన్నారు.

కంప్యూటర్ చదవడం ఒక్క రాత్రిలో అయిపోయింది. పట్టిక తయారవడానికి పదకొండు రోజులు పట్టింది. మధ్యలో ఉన్న ఆ పది రోజుల సంగతే ఇది.

ముందు ఆ గళ్ల వెనక ఉన్న లెక్క తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో వైద్య ఆరోగ్యశాఖ జిల్లా స్థాయిలో వేసే ఇలాంటి నోటిఫికేషన్లలో సాధారణంగా రాతపరీక్ష ఉండదు. వంద మార్కుల్లో 75 అర్హత పరీక్షలో అన్ని ఏళ్లూ కలిపి వచ్చిన మార్కుల శాతానికి. మరో పది, చదువు పూర్తయ్యాక గడిచిన ఒక్కో నిండు సంవత్సరానికి ఒక్కో మార్కు చొప్పున. మిగిలిన పదిహేను కాంట్రాక్టు సర్వీసులాంటి వాటికి. అంటే ఇక్కడ పాసైన ఏడాది ఊరికే నింపే గడి కాదు. అందులో ఒక్క ఏడాది తప్పితే ఒక పూర్తి మార్కు అటూ ఇటూ అవుతుంది. మెరిట్ జాబితాలో ఒక్క మార్కు తేడాలో నలభై మంది కూర్చుని ఉంటారు.

స్కాన్ చేసిన కాగితం కంప్యూటరుకు ఒక ఫొటో మాత్రమే. అందులోని అక్షరాల్ని గుర్తుపట్టి రాతగా మార్చే పనిని ఓసీఆర్ అంటారు. నేను వాడింది టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాము. హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీలో 1980లలో పుట్టి, 2005లో అందరికీ బహిరంగమైంది. పీడీఎఫ్‌ను అంగుళానికి 300 చుక్కల బొమ్మగా మార్చి దానికి అందించాలి. పనంతా రెండు ఆదేశాల్లో అయిపోతుంది:

```
pdftoppm -r 300 -gray -png memo.pdf page
tesseract page-1.png page-1 -l eng --psm 6 tsv
```

రెండో ఆదేశం చివర ఉన్న `tsv` ముఖ్యం. అది పెడితే ప్రతి మాటతోపాటు ఆ మాట పేజీలో ఎక్కడుందో, తాను చదివినదాని మీద ప్రోగ్రాముకు ఎంత నమ్మకముందో కూడా వస్తుంది. ఆ నమ్మకం `conf` అనే గడిలో వందకు ఇంత అని ఉంటుంది. తొలిరోజు నేను దాన్ని బాగా నమ్మాను. తొంభై దాటితే సరైనదే అనుకుని పక్కనపెట్టేశాను. తర్వాత చూస్తే 93 నమ్మకంతో 8ని 3గా చదివిన చోట్లు కనిపించాయి. మసకగా ఉన్న అంకెను చూసి ప్రోగ్రాము సందేహిస్తుంది. కానీ ముద్రలోనే 8 ఎడమపక్క గీత ఎగిరిపోయి ఉంటే, దాని కంటికి అది శుభ్రమైన 3. ఇక సందేహం ఎందుకొస్తుంది?

మెమోలు చదవడానికి ఎందుకు మొరాయిస్తాయో వాటిని చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. నకిలీలు రాకుండా బోర్డులు మార్కుల కింద సన్నని అల్లిక గీతలు, బోర్డు చిహ్నం ముద్రిస్తాయి. మన కంటికి అవి నేపథ్యం, ఓసీఆర్‌కు అవీ గీతలే. పాత మెమోలు డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటరు మీద కొట్టినవి, ఒక్కో అంకె చుక్కల ముగ్గులా ఉంటుంది. వాటిని చదివించే ముందు బొమ్మను కొంచెం మసకబరిస్తే చుక్కలు కలిసిపోయి గీతవుతాయి. స్పష్టంగా కనబడటానికి మసకబరచడం విడ్డూరంగానే ఉంటుంది గాని పనిచేస్తుంది. వీటన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టింది అటెస్టేషన్. గెజిటెడ్ అధికారులు సంతకం పెట్టి, గుండ్రటి రబ్బరు స్టాంపు వేస్తారు కదా, ఖాళీ స్థలం ఎంతున్నా ఆ స్టాంపు సరిగ్గా మార్కుల మొత్తం మీదే పడుతుంది. ఇంతమంది అధికారులు ముందే మాట్లాడుకున్నారేమో అనిపించేది.

అయితే ఓసీఆర్ చేసే తప్పుల్ని పట్టుకునే సాధనం అదే కాగితం మీద ఉంటుంది. మార్కుల మెమోలో ఒకే సంగతి రెండు మూడు సార్లు రాసి ఉంటుంది. పేపరువారీ మార్కులుంటాయి, కింద మొత్తం ఉంటుంది, చాలా మెమోల్లో ఆ మొత్తాన్ని మాటల్లో కూడా రాస్తారు. సీబీఎస్‌ఈ మెమోలోనైతే ప్రతి సబ్జెక్టు మార్కులూ మాటల్లో ఉంటాయి. కాబట్టి చదివిన అంకెల్ని కూడి, చదివిన మొత్తంతో సరిపోలుతుందా అని ప్రోగ్రాము చేతనే అడిగించాలి. సరిపోలితే ముందుకు, లేకపోతే మనిషి ముందుకు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు చేతికొచ్చింది. సరిపోలనప్పుడు వచ్చే తేడా ఎంత అన్నదే, తప్పు ఏ రకమో చెప్పేస్తుంది. తేడా 5 అయితే ఒకట్ల స్థానంలో 8ని 3 అని గాని, 9ని 4 అని గాని చదివి ఉంటుంది. 50 అయితే అదే తప్పు పదుల స్థానంలో జరిగింది. తేడా 6 వస్తే 1, 7 తారుమారు అయ్యాయేమో ముందు చూడాలి. తేడా సరిగ్గా ఒక పేపరు మార్కులంత ఉంటే ఆ వరుసనే దాటేసింది. అలా వెతుకులాట పేజీ మొత్తం మీద కాకుండా రెండు మూడు అంకెల మీదకు వస్తుంది. ఒక్క పేజీలో రెండు తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే మాత్రం ఈ వల తెగిపోతుంది. అరుదే గాని, మాటల్లో రాసిన మొత్తాన్ని కూడా చదివించడం అందుకే.

నా చేతులారా చేసిన పొరపాటు కూడా ఒకటుంది. మార్కుల గడిలో అంకెలు తప్ప మరేమీ ఉండవుగదా అని, ఆ చోట అంకెల్ని మాత్రమే చదవమని ప్రోగ్రామును కట్టడి చేశాను. తప్పులు తగ్గాయి, సంతోషించాను. రెండోరోజు ఒకరి మొత్తం 48 ఎక్కువ వస్తోంది. తీసి చూస్తే ఆ గడిలో ఉన్నది పరీక్షకు గైర్హాజరు అని సూచించే రెండు ఇంగ్లిష్ అక్షరాలు, ఏ, బి. అక్షరాలు చదవొద్దన్నాం కాబట్టి ఏను 4గా, బిని 8గా మార్చేసింది. పరీక్షకే రాని మనిషికి నలభై ఎనిమిది మార్కులు! ఆ కట్టడి అదేరోజు తీసేశాను.

అంకె సరిగ్గా చదవడం అక్కడికి ఒక కొలిక్కి వచ్చింది. అసలు కష్టం పేజీ మీద ఉన్న ఇన్ని అంకెల్లో మనకు కావలసింది ఏది అన్న దగ్గర మొదలైంది. దానికి ఒక దరఖాస్తును పూర్తిగా విప్పి చూద్దాం. మనిషి గుర్తుపట్టకుండా వివరాలు కాస్త మార్చాను, లెక్క మాత్రం ఇలాంటిదే.

డి.ఫార్మసీ రెండేళ్ల చదువు. ఈ అభ్యర్థిని మొదటి ఏడాది మెమోలో 1100కు 682 ఉన్నాయి. రెండో ఏడాది, ఏప్రిల్ 2014 మెమోలో 1000కి 653. రెండూ కూడితే 2100కు 1335. ప్రోగ్రాము ఇచ్చిన వరుస ఇది. మొత్తాలు సరిపోలాయి, మాటలూ సరిపోలాయి, ఎర్రగుర్తు ఎక్కడా లేదు.

నిజానికి రెండో ఏడాది పేజీ ఒకసారి ఎర్రగుర్తుతో ఆగి, దిద్దాకే ముందుకెళ్లింది. పేపర్ల మార్కులు కూడితే 648, కింద మొత్తం 653. తేడా 5. ఒకట్ల స్థానంలో 3 గాని 4 గాని ఉన్న పేపర్లు మూడే. వాటిలో ఒకచోట 53 అని చదివింది, కాగితం మీద 58. నిమిషంలో తేలిపోయింది.

తేలనిది మరొకటి. ఆమె దరఖాస్తులో డి.ఫార్మసీ మెమోలు రెండు కాదు, మూడు. మూడోదాంట్లో ఒక్కటే పేపరు, ఒక్కటే మార్కు: 47. ప్రోగ్రాము దాన్ని గుర్తు తెలియని పేజీల్లోకి తోసేసింది. అది సప్లిమెంటరీ మెమో. మొదటి ఏడాది ఒక కెమిస్ట్రీ పేపర్లో ఆమెకు 31 వచ్చాయి, పాస్ మార్కు 40. ఆ ఒక్క పేపరు బాకీ ఉంచుకుని రెండో ఏడాదికి వెళ్లింది, రెండో ఏడాది పేపర్లన్నీ ఒకేసారి గట్టెక్కింది, బాకీ పేపరు మాత్రం నవంబరు 2014లో పూర్తిచేసింది.

కాబట్టి మొదటి ఏడాది 682లో 31 తీసేసి 47 వేయాలి, 698 అవుతుంది. దానికి 653 కలిపితే 1351. దాన్ని 2100తో భాగించి 75తో హెచ్చిస్తే 48.25. సప్లిమెంటరీ మెమోను వదిలేస్తే 1335కు వచ్చేది 47.68. పోనీ ఉన్న మెమోలన్నీ కూడెయ్యమంటే 31 కూడా ఉండిపోయి, మొత్తం 1382 అయి, 49.36 వస్తుంది. ఒకే మనిషి, ఒకే కాగితాలు, మూడు లెక్కలు. మూడింటిలోనూ ఓసీఆర్ ఒక్క అంకె కూడా తప్పు చదవలేదు.

ఇక పాసైన ఏడాది. మొదట నేను ప్రోగ్రాముకు చెప్పిన సూత్రం, చివరి సంవత్సరం మెమో మీద పరీక్ష జరిగిన నెల, ఏడాది తీసుకో అని. ఆ సూత్రం ప్రకారం ఆమె ఏప్రిల్ 2014లో పాసైంది. కానీ చదువు పూర్తయింది చివరి పేపరు గట్టెక్కినప్పుడు, అంటే నవంబరు 2014లో. నోటిఫికేషన్ తేదీ ఒక ఆగస్టు నెల 2022 అనుకోండి. ఏప్రిల్ నుంచి లెక్కపెడితే ఎనిమిది నిండేళ్లు, నవంబరు నుంచి ఏడు. తప్పు లెక్కలో ఆమెకు 47.68కి ఎనిమిది కలిసి 55.68, సరైన లెక్కలో 48.25కి ఏడు కలిసి 55.25. మార్కుల దగ్గర ఆమెకు అన్యాయం చేసి, ఏడాది దగ్గర అంతకన్నా ఎక్కువ కట్టబెట్టాం. చివరి మొత్తం మాత్రమే చూసేవాళ్లకు ఈ రెండు తప్పులూ కనిపించవు.

మెమో మీద ఉండే తేదీలు కూడా ఒకటా రెండా. పరీక్ష జరిగిన నెల ఒకటి, మెమో జారీ అయిన తేదీ ఒకటి, అటెస్ట్ చేసిన అధికారి సంతకం కింద వేసిన తేదీ ఇంకొకటి. అసలు మెమో పోగొట్టుకుని డూప్లికేట్ తెచ్చుకున్నవాళ్లది మరీ చిక్కు. 2009లో పాసైన ఒకాయన డూప్లికేట్ మెమో 2019లో జారీ అయింది. ప్రోగ్రాము 2019 పట్టుకుంది, ఆయనకు పది మార్కులు రావలసింది మూడుకు పడిపోయాయి. అప్పటినుంచి సంవత్సరంలా కనిపించే అంకె ఏది దొరికితే అది కాకుండా, దాని పక్కన ఏ మాట ఉందో చూసి తీసుకోమని రాశాను. పరీక్ష అన్న మాట పక్కన ఉంటే సరే, జారీ అన్న మాట పక్కన ఉంటే వద్దు, ఏ మాటా లేకపోతే గడి ఖాళీ. దాంతోపాటు పుట్టిన తేదీతో ఒక సరిచూపు పెట్టాను. డి.ఫార్మసీ పాసైన నాటికి వయసు పద్దెనిమిది లోపైనా, నలభై దాటినా ఒకసారి చూడమంటుంది. నలభై దాటి నిజంగా పాసైనవాళ్లు ఇద్దరు తేలారు. వాళ్ల వరుసలు అలాగే ఉంచాం.

బోర్డు పేరు అన్నిటికన్నా తేలిక అనుకున్నాం, పైనే పెద్ద అక్షరాల్లో ఉంటుంది కదా. ఓసీఆర్ కూడా దాన్ని దాదాపు తప్పులేకుండా చదివింది. చిక్కల్లా ఒకే సంస్థ కాలాన్నిబట్టి పేర్లు మార్చుకోవడంలో ఉంది. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంగా మొదలైంది, తర్వాత డాక్టర్ ఎన్టీఆర్ పేరు వచ్చింది, 2022లో డాక్టర్ వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. నర్సింగ్ పోస్టుల దరఖాస్తుల్లో ఈ పేర్లన్నీ వస్తాయి, ఆ మెమోలన్నీ ఒకే విశ్వవిద్యాలయానివి. తెలంగాణ ఇంటర్ బోర్డు సంక్షిప్తనామంలోనూ 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఇటు చూస్తే, ఖమ్మంలో చదివి 2010లో ఇంటర్ పాసైనవాళ్ల మెమో మీద ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. విభజన జరిగింది 2014 జూన్‌లో, మెమో అంతకుముందుది. దాన్ని చూసి ఆ అభ్యర్థి ఆంధ్రలో చదివారని గడి నింపితే, స్థానికత లెక్కలో రచ్చ అవుతుంది. చదివిన జిల్లా తెలియాలంటే స్టడీ సర్టిఫికెట్లు చూడాలి, బోర్డు పేరు ఆ పని చేయదు.

దీనికి నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు. ఒక చిన్న పేర్ల జాబితా. ఎడమవైపు మెమో మీద కనిపించిన పేరు ఉన్నదున్నట్టు, కుడివైపు మేం పట్టికలో రాసే ఒకే పేరు, మధ్యలో ఆ పేరు ఏ ఏళ్లలో చెల్లిందో. ఆ ఏళ్లు వేయడం వల్ల అనుకోని లాభం ఒకటి కలిగింది. మెమో మీద పరీక్ష ఏడాది 2012 అని ఉండి, పైన ముద్రించిన పేరు 2014 తర్వాతిదైతే, అది డూప్లికేట్ కావచ్చు, మనం ఏడాది తప్పు చదివి ఉండవచ్చు, లేదా మెమోనే అనుమానించాల్సిందై ఉండవచ్చు. ఏదైనా సరే, మనిషి ఒకసారి చూడాలి.

జాబితాలో లేని కొత్త పేరు వస్తే ప్రోగ్రాము దగ్గరి పేరుకు సర్దేయకుండా ఆగిపోవాలి. ఓపెన్ స్కూల్ మెమోలు, పక్క రాష్ట్రాల డిప్లొమాలు అక్కడే పట్టుబడ్డాయి. వాటి అర్హత తేల్చవలసింది కమిటీ.

గ్రేడ్ల సంగతి ఫార్మసీలో మాకు పెద్దగా తగల్లేదు గాని, టెన్త్ మార్కుల మీద ఎంపిక జరిగే చోట అది తలనొప్పే. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి టెన్త్ మెమోల మీద మార్కుల బదులు గ్రేడ్ పాయింట్లు వచ్చాయి. సీబీఎస్‌ఈ టెన్త్‌లో కూడా కొన్నేళ్లు అంతే, ఆ సీజీపీఏను 9.5తో హెచ్చిస్తే ఉజ్జాయింపు శాతం వస్తుందని ఆ బోర్డే చెప్పింది. తపాలాశాఖ గ్రామీణ డాక్ సేవక్ ఎంపికలోనూ గ్రేడ్లు మాత్రమే ఉన్నవారికి 9.5 గుణకమే వాడతారు. ఇక్కడ చేయకూడని పని, సీజీపీఏ గడిలో 9.2 కనిపించగానే 92 శాతం అని వేసెయ్యడం. 9.5తో హెచ్చిస్తే అది 87.4. ఏ గుణకం వాడాలో నోటిఫికేషన్ చెప్పాలి. చెప్పకపోతే పట్టిక కట్టేవాడు సొంతంగా నిర్ణయించకూడదు. మెమో మీది 9.2ను ఒక గడిలో, లెక్కగట్టిన శాతాన్ని పక్క గడిలో పెట్టి, రెండూ కనిపించనివ్వాలి.

ఆ మాటకొస్తే మా పట్టిక మొత్తం అలాగే తయారైంది. సూపరింటెండెంటుగారు గీసిన ఆరు గళ్లు చివరికి పద్నాలుగయ్యాయి. ప్రతి విలువకూ మెమోలో ఉన్నదున్నట్టు ఒక గడి, మేం సవరించినది మరో గడి, అది ఏ పీడీఎఫ్‌లో ఎన్నో పేజీలో ఉందో ఇంకో గడి, ఎవరు సరిచూశారో చివరి గడి. ఆయన మొదట విసుక్కున్నారు, కాగితం అడ్డంగా తిప్పినా పట్టట్లేదని. బయట గోడకు అతికించే ప్రతిలో మాత్రం దరఖాస్తు నంబరు, మార్కులు, ఏళ్లు, మొత్తం తప్ప మిగతావి తీసేశాం. తండ్రి పేరు, ఫోన్ నంబరు గోడమీద ఎండకు ఆరబెట్టాల్సిన పనిలేదు.

అంతా అయ్యాక పట్టిక ఎంత నమ్మదగినదో ఎలా తెలుస్తుంది? అరవై దరఖాస్తులు ఎక్కడెక్కడివో తీసి, ప్రోగ్రాము ఏం రాసిందో చూపకుండా ఇద్దరు గుమాస్తాల చేత విడివిడిగా నింపించాం. మూడింటినీ పక్కపక్కన పెట్టి గడిగడీ పోల్చాం. గుమాస్తాలిద్దరికీ పడనిచోట్లు, ప్రోగ్రాముకూ గుమాస్తాలకూ పడనిచోట్ల కన్నా ఎక్కువ వచ్చాయి. ఆ ఫలితం ఆఫీసులో ఎవరికీ నచ్చలేదు. కానీ ప్రోగ్రాము తప్పులన్నీ ఒకే మూసలో ఉన్నాయి, సప్లిమెంటరీ మెమోలున్న చోట. దాంతో అలాంటి దరఖాస్తులన్నీ వేరుతీసి, ఒక్కోటీ చేత్తో సరిచూశాం. పాతకాలపు చేతిరాత మెమోలు ఉన్నవి కూడా అందులోనే కలిపేశాం, వాటి మీద ప్రోగ్రాము ప్రతాపం మొదటిరోజే తేలిపోయింది.

డిజిలాకర్ నుంచి నేరుగా మెమో సమాచారం తీసుకుంటే స్కాన్ల గోల ఉండదు కదా అని చాలామంది అన్నారు. బోర్డు అక్కడ ఎక్కించిన మెమోలకైతే నిజమే, అంకె ఫొటోగా కాకుండా అంకెగానే వస్తుంది. 31 తీసి 47 వేసే పని మాత్రం అప్పుడూ మనదే.

తాత్కాలిక మెరిట్ జాబితా అతికించాక అభ్యంతరాలకు గడువిచ్చారు. రెండోరోజు ఆ మూడు మెమోల అమ్మాయి వచ్చింది. "సార్, నేను 2014లో పాసయ్యాను. ఎనిమిదేళ్లు రావాలి, ఏడే వేశారు" అంది. పట్టికలో పేజీ నంబరు చూసి నవంబరు మెమో తెరిచి చూపించాను. కాసేపు చూసింది. "ఆ పేపరు మర్చిపోతానా సార్" అని నవ్వి, వెంటనే అడిగింది: "మరి మార్కుల్లో 31 తీసేసి ఈ 47 వేశారా?"

698 అని ఉన్న గడి చూపించాను. ఫోన్ తీసి 653 కలిపి, 2100తో భాగించి, 75తో హెచ్చించింది. 48.25 వచ్చాక అభ్యంతరం రాసుకొచ్చిన కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.